జోసా కౌన్సెలింగ్: ఫ్లోట్ అంటే భయమెందుకు?

జేఈఈ ర్యాంకు చేతికొచ్చాక ప్రతి ఇంట్లోనూ ఒకటే సలహా వినిపిస్తుంది. పోయినేడు ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగిందో చూసి, మనకు వచ్చేవాటినే పైన పెట్టు. రాగానే ఫ్రీజ్ చేసెయ్. ఐఐటీలు, ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీల సీట్లను కలిపి నింపే జోసా కౌన్సెలింగ్‌లో ఈ సలహా పాటించినవాళ్లు తమకు రాగలిగిన సీటునే వదులుకుంటున్నారు. పొరపాటు పిల్లలది కాదు. సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో వాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పకపోవడమే కారణం.

2015లో ఐఐటీలు, ఎన్ఐటీల ప్రవేశాలను ఒకే గొడుగు కిందికి తెచ్చినప్పుడు, గేల్, షాప్లీ అనే గణితవేత్తలు 1962లో ప్రతిపాదించిన పద్ధతిని ఆధారంగా తీసుకున్నారు. దాని నడక ఇలా ఉంటుంది. ముందు విద్యార్థి మొదటి ఆప్షన్ చూస్తారు. ఆ కోటాలో సీట్లన్నీ అతనికంటే మెరుగైన ర్యాంకుల వారితో నిండితే రెండో ఆప్షన్‌కు వెళ్తారు. అక్కడా చూసేది ర్యాంకునే తప్ప, దాన్ని అతను ఎన్నో ఆప్షన్‌గా పెట్టాడన్నది కాదు. ఒక బ్రాంచిని నాలుగో ఆప్షన్‌గా పెట్టిన మెరుగైన ర్యాంకు విద్యార్థి, అదే బ్రాంచిని మొదటి ఆప్షన్‌గా పెట్టిన వెనుక ర్యాంకు విద్యార్థి కంటే ముందే సీటు పొందుతాడు. కాబట్టి అందదనుకున్న కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కిందివి చేజారవు. అందేదాన్ని పైన పెడితే మాత్రం, అంతకంటే ఇష్టమైనవి దాని కిందపడి శాశ్వతంగా మూసుకుపోతాయి.

ఊహించిన ఒక జాబితా తీసుకుందాం. ఒక విద్యార్థి వరుసగా వరంగల్ ఎన్ఐటీలో కంప్యూటర్ సైన్స్, తిరుచ్చిలో ఎలక్ట్రానిక్స్, వరంగల్‌లో ఎలక్ట్రికల్, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో కంప్యూటర్ సైన్స్ పెట్టాడు. మొదటి రౌండులో మూడోది వచ్చింది. ఆ క్షణంలోనే నాలుగోది జాబితా నుంచి పోతుంది. గడువులోగా ఫీజు కట్టి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి సీటు అంగీకరించకపోతే మొత్తం కౌన్సెలింగ్ నుంచే బయటికి. అంగీకరించేటప్పుడు మూడు దారులుంటాయి. ఫ్రీజ్ అంటే ఎలక్ట్రికల్ చాలు, పై రెండూ అక్కర్లేదు. స్లైడ్ అంటే వరంగల్‌లోనే పై బ్రాంచి వస్తే వెళ్తాను, అంటే మొదటి ఆప్షన్ ఒక్కటే సజీవం. ఫ్లోట్ అంటే పై రెండూ సజీవం. తర్వాతి రౌండ్లలో ఖాళీ ఏర్పడి పై సీటు వస్తే అతను అక్కడికి మారతాడు, రాకపోతే ఎలక్ట్రికల్ అతని పేరనే ఉంటుంది.

ఫ్లోట్ పెడితే ఉన్న సీటూ పోతుందన్న భయానికి ఆధారం లేదు. అయితే ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో విడత విడతకూ మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవాలి. కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది. అక్క అనుభవమో, పక్కింటి అబ్బాయి అనుభవమో ఇక్కడికి మోసుకొస్తారు. జోసాలో ఆప్షన్లు ఒక్కసారే. లాక్ అయ్యాక రౌండ్ల మధ్య వరుస మార్చే వీలుండదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తోసిపుచ్చలేం. మూడో రౌండులో తిరుచ్చి సీటు వచ్చిందనుకోండి. వరంగల్ ఎలక్ట్రికల్ అప్పటికప్పుడే వరుసలో ఉన్న మరొకరికి వెళ్లిపోతుంది. ఇంటికి దగ్గరే నయమని ఆ తర్వాత తోచినా వెనక్కి దారి లేదు. నిజమే, కానీ ఆ నష్టం తెచ్చిపెట్టింది ఫ్లోట్ కాదు; పేరు చూసి, నిజంగా వెళ్లే ఉద్దేశం లేకుండానే తిరుచ్చిని వరంగల్ ఎలక్ట్రికల్ పైన పెట్టడం. పక్కపక్కనున్న ప్రతి రెండు ఆప్షన్లనూ తీసుకుని, రెండూ చేతిలో ఉంటే దేనికి వెళ్తావని పిల్లనో పిల్లాణ్నో అడగాలి. కిందిది అంటే వరుస మార్చాలి. పోయినేటి ఆఖరి ర్యాంకులకు ఈ వరుసలో చోటు లేదు. జాబితా చివర్న తప్పకుండా వచ్చే సీట్లు కొన్ని ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికే అవి పనికొస్తాయి.

మెరుగైన సీట్లు తర్వాతి రౌండ్లలో ఎలా పుట్టుకొస్తాయన్న ప్రశ్నకు జవాబు విత్‌డ్రాలో ఉంది. 2015కు ముందు ఐఐటీలదీ ఎన్ఐటీలదీ వేర్వేరు కౌన్సెలింగ్ కావడంతో ఒకే విద్యార్థి రెండు సీట్లు పట్టుకుని, ఒకటి ఖాళీగా వదిలేసేవాడు. ఇప్పుడు ఒకరికి ఒకే సీటు. వేరే చోట చేరదలచినవాళ్లు చివరి రౌండుకు ముందే విత్‌డ్రా చేస్తే, ప్రాసెసింగ్ రుసుము పోను మిగతా డబ్బు తిరిగొస్తుంది, ఆ సీటు తర్వాతి రౌండులో మరొకరికి దక్కుతుంది. కాబట్టి వెళ్లేది లేదని తేలిన రోజే విత్‌డ్రా చేయాలి. ఐఐటీ సీటు తీసుకున్నవారి విషయంలో ఆలస్యం ఇంకా ఖరీదైనది. గడువు దాటాక ఆ సీటు వదిలేసినా, ఇటీవలి నిబంధనల ప్రకారం మరుసటి ఏడాది జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత పోతుంది. లాంగ్‌టర్మ్ చేయించి మళ్లీ రాయిద్దామనుకునే తల్లిదండ్రులు ఆ మాట తేల్చుకోవాల్సింది చివరి రౌండు ఫలితం వచ్చాక కాదు, విత్‌డ్రా గడువు ముగిసేలోపే.