పాతర ఎంత పెద్దది కావాలి?

ఫిబ్రవరి వచ్చేసరికి బుక్కరాయసముద్రం మండలంలో చెరువు కింద భూములు, బోరు పొలాలు తప్ప పచ్చమేత కనిపించదు. శెనక్కాయ కట్టె వామి ఉంటుంది, కొందరి దగ్గర వరిగడ్డి ఉంటుంది. జూన్ చివరికి తొలకరి గడ్డి లేచేదాకా పాడి ఆవులకు అదే గతి. ఏడాది మొత్తంలో 550 మిల్లీమీటర్ల అటూఇటూ వాన పడే జిల్లా ఇది. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరులో కోసిన జొన్ననో మొక్కజొన్ననో పాతర వేసుకోవడం తెలివైన పని. పాతర తవ్వబోయే రైతు ముందుగా అడిగేది, ఎంత గుంత తవ్వాలని. మనం ఇచ్చే జవాబు సాధారణంగా సగమే ఉంటుంది.

ఆ సగాన్ని ముందు చూద్దాం. ఒక ఇంట్లో ఐదు పాలిచ్చే సంకర ఆవులు, మూడు పడ్డలు ఉన్నాయనుకుందాం. శెనక్కాయ కట్టె, దాణా మామూలుగా పెడుతూ ఆవుకు రోజుకు 15 కిలోలు, పడ్డకు 8 కిలోలు పాతర గడ్డి ఇస్తే మొత్తం 99 కిలోలు. దాన్ని 100 అనుకుందాం. ఫిబ్రవరి 1 నుంచి జూన్ 30 దాకా 150 రోజులు. అంటే ఆవుల నోట్లోకి 15 టన్నులు పోవాలి. పులిసేటప్పుడూ, పైపొరలోనూ, అంచుల్లోనూ కొంత పోతుంది. జాగ్రత్తగా వేసినా 15 శాతం నష్టం లెక్కలో పెట్టుకోవాల్సిందే. కాబట్టి గుంతలో పడాల్సింది 17 టన్నుల 650 కిలోలు. నీరందిన పైరైతే ఎకరన్నర లోపే అంత మేత వస్తుంది.

ఇక సాంద్రత. ట్రాక్టరు బాగా తొక్కిన పాతరలో ఘనపుటడుగుకు పదిహేనున్నర కిలోల దాకా పడుతుంది. మనుషులు కాళ్లతో తొక్కితే పన్నెండున్నర రావడమే మంచి పని. చాలామంది మొదటి అంకెతో లెక్క వేస్తారు. 17,650ని 15.5తో భాగిస్తే 1,140 ఘనపుటడుగులు వస్తాయి. 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గుంత తవ్వితే చాలనుకుంటారు. కానీ ఆరడుగుల లోతు, పదహారడుగుల పొడవు గుంతలో ట్రాక్టరు దిగి తిరగలేదు. తొక్కేది మనుషులే. పన్నెండున్నర కిలోల లెక్కన అందులో పట్టేది 14 టన్నుల 400 కిలోలు. నష్టం పోను 122 రోజుల మేత. జూన్ 2న పాతర అడుగు కనిపిస్తుంది. గడ్డి అప్పటికింకా లేవదు.

ఇది కొరత సంగతి. కొరత కంటే పెద్ద నష్టం ఆ గుంత ఆకారంలో ఉంది. నేను ఈ వారం గట్టిగా చెప్పదలచుకున్నది అదే.

పాతర తెరిచాక మనం కోసుకునే ముఖం ఆ రోజు నుంచీ గాలికి తగులుతూనే ఉంటుంది. గాలి తగిలితే గడ్డిలోని ఈస్టు లేచి, మేతను కాపాడుతున్న లాక్టిక్ ఆమ్లాన్ని తినేస్తుంది. పులుపు తగ్గి, గడ్డి వేడెక్కి, బూజు పడుతుంది. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే చోట ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. దీనికి ఒకటే మందు: గాలి లోపలికి చేరేలోపే ఆ పొరను ఆవులకు పెట్టేయడం. రోజుకు ముఖమంతా కలిపి కనీసం ఐదారు అంగుళాలు లోపలికి కోసుకుపోవాలి.

పై గుంతకు ఈ కొలత పెట్టి చూడండి. పదహారడుగుల పొడవును 150 రోజులకు సర్దుకుంటే రోజుకు అంగుళంపావు. వదులుగా తొక్కిన గడ్డిలోకి గాలి రెండు మూడు అడుగులు దూరుతుంది. మూడడుగుల లోతున ఉన్న గడ్డి ఆవు ముందుకు వచ్చేలోగా దాదాపు నాలుగు వారాలు గాలి పీలుస్తూ ఉంటుందన్నమాట. కొలత సరిపోయినా మేత పాడవుతుంది.

అందుకే లెక్కను వెనక నుంచి వేయాలి. ముందు రోజు మేత, దాన్నుంచి ముఖం, ఆ తర్వాత పొడవు. నష్టం కలుపుకుంటే మన మందకు రోజూ పాతరలోంచి తరిగేది దాదాపు 118 కిలోలు. పన్నెండున్నర కిలోల లెక్కన అది తొమ్మిదిన్నర ఘనపుటడుగులు. ఆరంగుళాలు, అంటే అరడుగు, లోపలికి పోవాలంటే ముఖం 19 చదరపుటడుగులకు మించకూడదు. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు తీసుకుంటే 20. దగ్గరగా సరిపోయింది. మొత్తం 1,412 ఘనపుటడుగులకు పొడవు 70 అడుగులు దాటుతుంది. దాన్ని ఒకే కాలువలా తవ్వనక్కర్లేదు. 24 అడుగుల చొప్పున మూడు గుంతలు చేస్తే, ఒక్కోటి 50 రోజులకు వస్తుంది. రోజుకు దాదాపు ఆరంగుళాలు.

మూడు గుంతలకు ఇంకో లాభం ఉంది. ఒక్కో గుంతకు ఆరు టన్నుల మేత చాలు. ముక్కలు కోసే యంత్రం ఒకటి, నలుగురు మనుషులు ఉంటే ఒకటి రెండు రోజుల్లో నింపి మూసేయొచ్చు. పద్దెనిమిది టన్నుల గుంత సగం నిండి ఐదారు రోజులు తెరుచుకుని ఉంటే, మూత వేయకముందే లోపల వేడి పుడుతుంది.

ఇరుకు గుంతకు నష్టం లేకపోలేదు. గోడలు ఎక్కువ, గోడల వెంట గాలి దూరే చోటూ ఎక్కువ. అడుగున, పక్కలకు ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. చెరువు కింద నల్లరేగడి అయితే పట్టా తప్పనిసరి, ఎందుకంటే ఆ నేల ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే ఊట పడుతుంది. మిట్టన ఉన్న ఎర్రగరప నేల పాతరకు మేలైన చోటు. గోడలు నిట్టనిలువుగా కాక కొంచెం ఏటవాలుగా, పైన ఐదున్నర, అడుగున నాలుగున్నర అడుగులుండేలా తవ్వితే గడ్డి కుంగినప్పుడు గోడను విడవదు. నేలమట్టం మీద అడుగున్నర ఎత్తు కుప్పగా పేర్చి మూయాలి, ఎలాగూ కుంగుతుంది.

సాంద్రత బాగా రావాలంటే ముక్క అంగుళం లోపు ఉండాలి, గింజ పాల దశ దాటి మెత్తటి ముద్దలా ఉన్నప్పుడు కోయాలి, అరడుగు పొర పడిన ప్రతిసారీ తొక్కాలి. అంచులను రెట్టింపు తొక్కాలి. మీ సాంద్రత ఎంతో పుస్తకం చెప్పదు. పాతర తెరిచినప్పుడు, ముఖం మధ్యలో పదునైన కొడవలితో అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు దిమ్మ కోసి తక్కెడలో పెట్టండి. పదిహేను వస్తే గొప్ప. పదికి దిగితే లోపల గాలి ఉంది, వచ్చే ఏడాది గుంత పెంచుకోవడం కంటే తొక్కుడు పెంచుకోవడం మేలు. పైన, అడుగున కూడా ఒక్కో దిమ్మ తూచండి. పైది ఎప్పుడూ తేలికే.

రోజూ కోసేటప్పుడు ముఖంలోకి చెయ్యి పెట్టి చూడండి. చల్లగా, పుల్లటి వాసనతో, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు. వెచ్చగా తగిలినా, తెల్లబూజు కనిపించినా కోత వేగం చాలడం లేదు. అప్పుడు ఆవుకు రెండు కిలోలు పెంచి శెనక్కాయ కట్టె కొంత తగ్గించండి. బూజు ముక్కను మాత్రం తీసి పారేయాలి, పాలిచ్చే ఆవుకు కాదు కదా, పడ్డకూ పెట్టకూడదు.

రెడ్డిపల్లిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం ఈ మండలంలోదే. గుంత తవ్వే ముందు చోటు, పైరు రకం అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. అయితే మందలోని తలల లెక్క, రోజు మేత మీరే రాసుకుని పట్టుకెళ్లండి, ఎందుకంటే ముఖం కొలత దాన్నుంచే వస్తుంది. మే నెలలో ముందస్తు వానలు పడి గడ్డి లేస్తే మూడో గుంతను తెరవకండి. పట్టా చిరగకుండా, ఎలుకలు బొరియలు పెట్టకుండా చూసుకుంటే అది వచ్చే వేసవిదాకా నిలుస్తుంది, ఆ ఏడాది రెండు గుంతలే నింపితే సరిపోతుంది.