దీపావళి పందిరి కింద లెక్క

మలేషియాలో ఉగాదికి దేశమంతటా సెలవు లేదు. పచ్చడి తిని పనికి వెళ్ళిపోతాం. చుట్టాలు, ఆఫీసువాళ్ళు, పక్కింటి మలయ్, చైనీస్ కుటుంబాలు మన గడప తొక్కే రోజు దీపావళే. దాన్ని ఓపెన్ హౌస్ అంటున్నాం. వచ్చినవాళ్ళు అన్నం తింటారు, ఇల్లు కూడా చూస్తారు. ఖర్చు పెరిగేది ఆ చూపు కోసమే.

ఎస్టేటు లైను ఇళ్ళలో మా అమ్మ జంతికలు, లడ్డూలు పళ్ళెంలో పెట్టి, గుడ్డ కప్పి, పక్కింటికి పంపేది. ఖాళీ పళ్ళెం తిరిగి రాకూడదు కనుక వాళ్ళు పిడికెడు పంచదారైనా వేసి పంపేవారు. అప్పుడూ పోటీ ఉండేది, కాకపోతే ఎవరి జంతిక కరకరలాడిందన్న దగ్గరే ఆగేది.

మా వీధిలో ఒక వదిన నిరుటి లెక్క నాకు చూపించింది. 120 మందికి భోజనం, మనిషికి 25 రింగ్గిట్ల చొప్పున 3,000. పందిరి, బల్లలు, కుర్చీలు 700. ఇంట్లో ఐదుగురికీ ఒకే రంగు కొత్త బట్టలు 1,900. నలభై మంది పిల్లలకు పదేసి రింగ్గిట్ల కవర్లు 400. మొత్తం 6,000, అంతా క్రెడిట్ కార్డు మీదే.

కార్డు వడ్డీ ఏడాదికి 18 శాతం దాకా ఉంటుంది. నెలకు బాకీలో కనీసం 5 శాతం కడితే చాలు. ఈ "చాలు" అన్న మాట దగ్గరే చాలామంది పడిపోతారు. వదిన నెలనెలా ఆ కనీసమే కట్టింది. పన్నెండు నెలల్లో సుమారు 3,000 కట్టినా, అందులో 900 దాకా వడ్డీకే పోయింది. మళ్ళీ దీపావళి వచ్చేసరికి ఇంకా 3,900 దగ్గర బాకీ ఉంది. బట్టలు మాత్రం ఫోటోల తరువాత ఎవరూ మళ్ళీ కట్టుకోలేదు.

"మరి తగ్గించరాదా వదినా?" అన్నాను.

"బట్టలు తగ్గించగలను. కవర్లు ఎలా తగ్గిస్తాను? వాళ్ళు నా పిల్లలకు పది ఇచ్చారు. నేను ఐదు ఇస్తే ఏమనుకుంటారు?"

ఆమె మాట నిజమే. బట్టలు మన ఇష్టం, కవరు మాత్రం పాత పళ్ళెంలాంటిది. ఒక్కరే తగ్గిస్తే పిసినారి అంటారు. తగ్గించాలంటే ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ కలిసే తగ్గించాలి.

ఈ ఏడాది మూడు ఇళ్ళవాళ్ళం ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకే పందిరి, ఒకే రోజు, మా మధ్య కవరు ఐదు. జంతికలు శనివారం వదిన వంటింట్లోనే చేశాం. సగం మాడాయి. అయినా తిన్నారు. ఒకే రంగు బట్టలు లేవని వదిన కూతురు మాత్రం ఇంకా అలిగే ఉంది.