కోసిన పన్ను ఎక్కడికి పోయింది?

మొన్న ఆదివారం మేడిపల్లిలో మా ఇంటికి ఒక హైస్కూలు టీచరు వచ్చాడు. చేతిలో 2025-26 సంవత్సరపు జీతపు చీటీలు.

"సార్, నా జీతంల పన్ను ఎక్కువ కోసిన్రు. ఆ పైసలు ఆఫీసుల అడిగితే ఇస్తరా?"

నేను చెప్పేది తెలుగే అయినా, పన్ను కోత నా జీతానికీ ఉన్నదే కదా! కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

ఆఫీసువారు ఏడాది మొదట్లో అతని జీతం 14,75,000 అవుతుందని అంచనా కట్టారు. కొత్త పద్ధతిలో అందరికీ మినహాయించే 75,000 తీసివేస్తే 14,00,000. దాని మీద పన్ను 90,000, సెస్సు 3,600, వెరసి 93,600. నెలకు 7,800 చొప్పున కోశారు. నవంబరులో తల్లికి జబ్బు చేసి అతడు జీతం లేని సెలవు పెట్టాడు. ఏడాది జీతంలో లక్ష తగ్గింది. అప్పుడు కట్టవలసిన పన్ను సెస్సుతో 78,000 మాత్రమే.

ఆ సంవత్సరానికి వర్తించిన 1961 నాటి చట్టం, 192వ సెక్షను ప్రకారం, ఇటువంటి హెచ్చుతగ్గులను అదే ఏడాది మిగిలిన నెలల కోతలో సర్దవచ్చు. డిసెంబరు దాకా కోసినవి తొమ్మిది కోతలు, అంటే 70,200. మిగిలింది 7,800. చివరి మూడు నెలలూ 2,600 చొప్పున కోస్తే లెక్క సరిపోయేది. ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఇతడూ అడగలేదు. పన్నెండు కోతలూ నిండుగా పడ్డాయి.

మార్చి దాటితే ఆఫీసు చేతిలో ఏమీ ఉండదు. కోసిన సొమ్ము ప్రభుత్వ ఖాతాకు చేరిపోయింది. ఇక రావలసిన 15,600 రిటర్ను వేసి ఆదాయపు పన్ను శాఖనుంచే రాబట్టుకోవాలి. జూలై 31 లోగా వేస్తే ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం, అంటే 78 రూపాయల వడ్డీ కూడా వస్తుంది. (ఆ వడ్డీ మళ్ళీ ఆదాయమే సుమండీ!) రావలసినది అసలు పన్నులో పదోవంతుకన్న తక్కువైతే మాత్రం వడ్డీ ఉండదు. ఇతనిది ఐదోవంతు.

"అయితే ఇయ్యాల్నే రిటర్ను ఏస్త, సార్."

ఆగమన్నాను. శాఖవారు చూసేది జీతపు చీటీని కాదు, అతని పాన్ నంబరు మీద నమోదైన 26ఏఎస్ పట్టికను. తెరిచి చూస్తే అందులో తొమ్మిది కోతలే ఉన్నాయి. చివరి మూడు నెలల 23,400 లేదు. ఆఫీసువారు మూడు నెలలకోసారి పంపే 24క్యూ లెక్కలో పాన్ నంబరు ఒక అక్షరం తప్పు పడితే ఇట్లా జరుగుతుంది. ఈ స్థితిలో రిటర్ను వేస్తే జమ 70,200, పన్ను 78,000. తిరిగి 15,600 రావడం మాట అటుంచి, ఇంకా 7,800 కట్టమని నోటీసు వస్తుంది!

అతని ముఖం పాలిపోయింది. పన్ను పోలేదనీ, ఆ ఒక్క లెక్కను సవరించి మళ్ళీ పంపమని ఆఫీసును రాతపూర్వకంగా అడగాలనీ చెప్పాను. పట్టికలో 93,600 కనబడిన తరువాతే రిటర్ను, అదీ పాన్‌తో సరిచూసిన బ్యాంకు ఖాతా ఇచ్చి వేయాలి. అర్జీ నేనే రాసి పెట్టాను. పాన్ నంబరు మాత్రం అతని చేతనే రెండుసార్లు చదివించాను.