థాంక్యూ మెయిల్లో పోబోయిన యాభై దీనార్లు

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం దజీజ్‌లో మా ఫ్లాట్‌లో చిన్న యుద్ధమే జరిగింది. కారణం ఒక ఆఫర్ లెటర్. మా పక్క గదిలో ఉండే రాయచోటి కుర్రాడికి, టెస్టింగ్ పని చేస్తాడు, వేరే కంపెనీలో నెలకు 750 దీనార్లకు ఆఫర్ వచ్చింది. రిక్రూటర్‌కి జవాబు టైప్ చేసి, "అన్నా, ఇంగ్లీషు ఒకసారి చూడు" అని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. మూడు పేరాలూ కృతజ్ఞతలే! జీతం సంగతి చివర్లో ఒక్క వాక్యం: "వీలైతే కాస్త పెంచగలరేమో చూడండి, లేకపోయినా ఫర్వాలేదు."

లేకపోయినా ఫర్వాలేదని మనమే రాశాక వాళ్లెందుకు పెంచుతారండీ? అడగందే అమ్మైనా పెట్టదంటాం. మెయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అడక్కపోవడమే మర్యాద అనుకుంటాం. అది మర్యాద కాదు, మొహమాటం. రెంటికీ తేడా తెలియక గల్ఫ్‌లో మనవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో!

వీడి విషయంలో ఆ యాభై దీనార్లు సరదా ఖర్చు కాదు. పెళ్లాం, రెండేళ్ల పాప రాయచోటిలో ఉన్నారు. కువైట్ 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు కనీస జీతం 800 దీనార్లని పెట్టింది. కొన్ని వృత్తులకు మినహాయింపుంది, వీడిది అందులో లేదు. అక్కడ చూసేది చేతికొచ్చే డబ్బు కాదు, వర్క్ పర్మిట్ మీద రాసిన అంకె. 750 అంటే పాప ఇంకా ఫోన్లోనే అన్నమాట.

ఇంతలో ఇంకో రూమ్మేటు, "వేరే కంపెనీ 900 ఇస్తానందని రాసి పారెయ్ రా" అన్నాడు. ఇది మొహమాటం కంటే పెద్ద తప్పు. రిక్రూటర్ "ఆ లెటర్ పంపండి" అంటే ఏం చేస్తాడు? లేదా "అభినందనలు, అక్కడే చేరండి" అంటే?

అసలు మనవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. బయటి రిక్రూటర్‌కి ఫీజు ఇచ్చేది కంపెనీ. మనం చేరితేనే అతనికి డబ్బు, కాబట్టి అతను శత్రువు కాదు. జీతం పెంచే అధికారం మాత్రం చాలాసార్లు అతని చేతిలో ఉండదు. మన మెయిల్‌ని మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తాడు, అంతే. అందుకని అతను ఒక్క ముక్క మార్చకుండా పైకి పంపగలిగేలా రాయాలి. "కాస్త" అనే మాట పైకి వెళ్లదు, అంకె వెళ్తుంది. ఇంటి అవసరం ఒక్కటే చెబితే జాలి పడతారు గానీ బడ్జెట్ ఇవ్వరు, పనికి సంబంధించిన కారణం కూడా కావాలి.

ఇద్దరం కూర్చుని తిరగరాశాం. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"ఆఫర్‌కి ధన్యవాదాలు. టీమ్‌తో మాట్లాడాక ఇక్కడ చేరాలనే ఉంది. ఇంటర్వ్యూలో మేనేజర్‌గారు పేమెంట్ టెస్టింగ్ ఆటోమేషన్ మొత్తం నేనే చూడాలన్నారు, మొదట చెప్పిన పనిలో అది లేదు. ఆ బాధ్యతకు నెల జీతం 850 చేయమని కోరుతున్నాను. వర్క్ పర్మిట్‌లో కూడా అదే అంకె ఉండాలి, నా కుటుంబం వీసా దాని మీదే ఆధారపడి ఉంది. ఇది కుదిరితే అదే రోజు సంతకం చేస్తాను."

చూశారా, ఇందులో కోపం లేదు, బెదిరింపు లేదు, క్షమాపణా లేదు. ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. పెంచితే పని పూర్తవుతుందని రిక్రూటర్‌కి తెలిస్తేనే పైన గట్టిగా మాట్లాడతాడు.

మంగళవారం జవాబొచ్చింది: "780. ఇదే ఆఖరు." వాడి మొహం వాడిపోయింది. నేను ఆఫర్ లెటర్ మళ్లీ చదివాను. జీతం కాక, రవాణాకి బిల్లులు పెడితే నెలకు 25 దీనార్ల దాకా విడిగా ఇస్తారట. "బడ్జెట్ పరిమితి అర్థమైంది, ప్రయత్నించినందుకు కృతజ్ఞతలు. ఆ 25ని స్థిర జీతంలోనే కలిపి, పర్మిట్‌లో 805 రాయగలరా?" అని రాయించాను. కంపెనీకి పెద్దగా అదనపు ఖర్చు లేదు, అందుకే రెండ్రోజుల్లో ఒప్పుకున్నారు. ఫోన్లో ఒప్పుకుంటే చాలదు, సవరించిన లెటర్లో అంకె కనబడ్డాకే పాత కంపెనీకి రాజీనామా ఇవ్వమన్నాను. అలాగే చేశాడు.

ప్రతిసారీ ఇలా కుదరదు, నిజమే. 780 దగ్గరే ఆగిపోయి ఉంటే చేరాలా వద్దా అన్నది వాడే తేల్చుకోవాల్సి వచ్చేది. కానీ అప్పుడైనా తెలిసి తీసుకున్న నిర్ణయం అయ్యేది. "ముందు చేరు, తర్వాత చూసుకుందాం" అనే పెద్దమనుషులకు నా ప్రశ్న ఒక్కటే: సంతకం పెట్టాక, పర్మిట్ మీద అంకె పడ్డాక, దాన్ని మార్చమని ఏ బలంతో అడుగుతారు? అడగాల్సింది ఆఫర్ వచ్చాక, సంతకానికి ముందు. ఆ నాలుగైదు రోజుల్ని మనం థాంక్యూలు చెప్పడానికే ఖర్చుపెడుతున్నాం.