ఏడో గడి, ఎనిమిదో గడి

2011 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక ఊళ్ళో జనాభా లెక్కలు రాశాను. టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. నాకు పడ్డ బ్లాకులో సగం మాదిగపల్లె. ఒక ఇంట్లో గోడ మీద యేసు పటం, దాని కింద చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. ఏడో ప్రశ్న దగ్గరికొచ్చి, అడగాలి కాబట్టి అడిగాను, "మీ మతం ఏంటమ్మా?" అని. ఆవిడ పటం వైపు చూసింది, నా చేతిలో ఫారం వైపు చూసింది. "ఏది రాస్తే మా పిల్లోడి సర్టిఫికెట్‌కి అడ్డం రాదో అదే రాయండి సారూ" అంది.

నేను 1 అని వేశాను. అంటే హిందువు. అలా వేశాను కాబట్టే ఎనిమిదో గడిలో కూడా ఎస్సీ అని వేయగలిగాను. చెప్పింది చెప్పినట్టు రాయడం ఎన్యూమరేటర్ బాధ్యత అని మాకిచ్చిన పుస్తకంలో స్పష్టంగానే ఉంది. కానీ ఆవిడ మతం పేరు చెప్పనే లేదు. దాని ఖరీదు ఎంతో చెప్పింది. ఆ ఖరీదుని నేను మతంగా మార్చి రాశాను.

ఇలాంటి మనుషుల గురించి చదువుకున్నవాళ్ళు మాట్లాడేటప్పుడు ఒక మాట తరచూ వినపడుతుంది. వాళ్ళ గుర్తింపు చాలా సంక్లిష్టం, విశ్వాసం, వంశం, ఆచారం అన్నీ కలిసిపోయి ఉంటాయి, పాపం ఫారం మాత్రం ఏం చేస్తుంది అని. నాకు ఈ జాలి నచ్చదు. ఫారం అంత అమాయకమైనదేమీ కాదు. నా వాదన అదే.

ఆ ఫారం ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. ఏడో ప్రశ్న మతం. ఆరు మతాలకు కోడ్ నంబర్లున్నాయి: హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన. ఇంకేదైనా అయితే పేరు పూర్తిగా రాసి కోడ్ వేయకుండా వదిలేయాలి. ఎనిమిదో ప్రశ్న ఎస్సీయా, ఎస్టీయా, రెండూ కాదా అని. చూడ్డానికి రెండు వేరువేరు ప్రశ్నలు. ఒకటి ఏం నమ్ముతావని, రెండోది ఎవరికి పుట్టావని. కానీ ఎనిమిదో ప్రశ్నకి ఒక షరతు ఉంది. ఎస్సీ అని రాయాలంటే ఏడో గడిలో హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఎస్టీకి మాత్రం ఏ మతమైనా పర్వాలేదు.

ఈ ఒక్క తేడా చాలు. ఒక కోయ మనిషి క్రైస్తవుడైతే ఫారం ఏ ఇబ్బందీ పడదు. మతం గడిలో క్రైస్తవం, పక్క గడిలో ఎస్టీ. పుట్టుక వేరు, విశ్వాసం వేరు అని దానికి తెలుసు. ఆ పక్క ఊళ్ళో మాదిగ మనిషి క్రైస్తవుడైతే మాత్రం ఆ తెలివి మాయమైపోతుంది. మతం మారగానే అతని పుట్టుక కూడా మారిపోయిందంటుంది. అదే కాగితం, అదే పెన్ను, అదే ఎన్యూమరేటర్. కాబట్టి ఇది చేతకానితనం కాదు, తీర్మానం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులో చేసిన తీర్మానం. దాన్ని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సడలించారు. అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు ఈ రెండు గడుల మధ్య ఎటూ కాకుండా నిలబడ్డవాళ్ళని చూద్దాం. గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. తమని బెనె ఎఫ్రాయిం అని పిలుచుకుంటారు. పూర్వం చెల్లాచెదురైన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం గోత్రం తమదని వాళ్ళ మాట. అంతకుముందు వాళ్ళది బాప్టిస్టు చర్చి. 1980ల చివరి నుంచి యూదులుగా బతకడం మొదలుపెట్టారు. శనివారం సబ్బాతు పాటిస్తారు, వాళ్ళకి ఒక ప్రార్థనాలయం ఉంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ళ గురించి 2013లో 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అని ఒక పుస్తకమే రాశారు. చచ్చిపోయినవాళ్ళని కాల్చకుండా పాతిపెట్టడం, పశుమాంసం తినడం లాంటి మాదిగ ఆచారాల్లోనే తమ పాత యూదు జీవితపు ఆనవాళ్ళు ఉన్నాయంటారు వాళ్ళు. ఊరు ఏ కారణం చెప్పి వాళ్ళని దూరం పెట్టిందో, దాన్నే తీసుకుని తమ వంశానికి సాక్ష్యంగా చూపిస్తున్నారన్నమాట.

చారిత్రకంగా ఇది నిజమా కాదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. వీళ్ళని రెండు రాజ్యాలు ఎలా చూస్తున్నాయో చూడండి. ఇజ్రాయెల్ యూదుల్ని వంశంతో గుర్తిస్తుంది. తల్లి యూదు అయి ఉండాలి, లేకపోతే వాళ్ళు ఒప్పుకునే పద్ధతిలో మతంలోకి మారాలి. వీళ్ళు ఎంత నిష్ఠగా సబ్బాతు పాటించినా వంశానికి రుజువు లేదని వీళ్ళని యూదులుగా గుర్తించలేదు. ఇక్కడ మన రాజ్యం దగ్గర వంశం గురించి అనుమానమే లేదు. వాళ్ళ తాతలు మాదిగలని ఊరికి తెలుసు, రెవెన్యూ ఆఫీసుకీ తెలుసు. కానీ ఏడో గడిలో యూదు అని రాస్తే ఎనిమిదో గడి మూసుకుపోతుంది. ఒక రాజ్యం నీ విశ్వాసం సరే, రక్తం చూపించమంటుంది. ఇంకో రాజ్యం నీ రక్తం సరే, విశ్వాసం చూపించమంటుంది. ఏ గడపకి ఏది లేదో అదే అడుగుతారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి అని ఒక గ్రూపు ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళకి, వాళ్ళ సంతానానికి ఒక్క శాతం రిజర్వేషన్. ఆ మాటలు ఒకసారి నెమ్మదిగా చదవండి. సంతానానికి! అంటే మతం మారినా కులం పోలేదని, అది పిల్లలకి కూడా అంటుకునే ఉందని ప్రభుత్వమే రాసి సంతకం పెట్టింది. మరి మతంతో పాటు కులం పోయిందన్న మొదటి మాట ఏమైనట్టు? పోనీ దీనిలో యూదు మాదిగకి చోటుందా అంటే అదీ లేదు, అక్కడ క్రైస్తవం అనే ఉంది.

ఇలా నడిచిన లెక్కలు ఎలాంటి అంకెల్నిస్తాయో మనకి కళ్ళముందే ఉంది. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నూటికి నలుగురికి పైనే, సుమారు 18 లక్షలు. 2011కి ఉమ్మడి రాష్ట్రంలోనే 1.34 శాతం, 11 లక్షల చిల్లర. నలభై ఏళ్ళలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపయితే క్రైస్తవుల సంఖ్య ఏడు లక్షలు తగ్గింది. కోస్తా జిల్లాల్లో ఏ పల్లెకైనా వెళ్ళి ఆదివారం పొద్దున మైకు విన్నవాళ్ళెవరూ ఈ అంకెని నమ్మరు. నేను అస్సలు నమ్మను, ఎందుకంటే అందులో కొన్ని నేనే రాశాను. ఈ అంకె పట్టుకుని ఒకరు క్రైస్తవం తగ్గిపోయిందంటారు, ఇంకొకరు వీళ్ళందరూ దొంగ సర్టిఫికెట్లవాళ్ళు అంటారు. ముందు నిజం చెబితే నష్టపోయేలా ప్రశ్న పెట్టి, తర్వాత నిజం చెప్పలేదని దొంగ అంటున్నాం.

రెండు గడుల్ని విడదీస్తే ఏమవుతుంది? ఆ పని చేసిన చోటు ఒకటి ఉంది. ఇంగ్లండ్, వేల్స్ సెన్సస్‌లో జాతి ప్రశ్న 1991 నుంచి, మతం ప్రశ్న 2001 నుంచి ఉన్నాయి. ఒకదానికి రాసిన జవాబు రెండోదాన్ని రద్దు చేయదు. 2021లో మతం యూదు అని చెప్పినవాళ్ళు 2 లక్షల 71 వేలు. మతం గడిలో చెప్పకుండా, జాతి గడిలో మాత్రమే యూదు అని తమంతట తాము రాసినవాళ్ళు ఇంకో 16 వేలు. దేవుణ్ణి నమ్మకపోయినా అమ్మమ్మ యూదు కాబట్టి యూదులైనవాళ్ళు అలా కంటపడ్డారు. రెండో గడి లేకపోతే వాళ్ళు లెక్కలోకి వచ్చేవాళ్ళే కాదు.

అక్కడా అంతా బాగుందని కాదు. సిక్కులు ఒక జాతి సమూహం కూడా అని 1983లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, తలపాగా తీయనన్న ఒక స్కూలు కుర్రాడి కేసులో తేల్చింది. అయినా జాతి ప్రశ్నలో సిక్కులకి టిక్కు పెట్టే గడి ఇవ్వలేదు. కోర్టు దాకా వెళ్ళి ఓడిపోయారు. 2021లో మతం సిక్కు అన్నవాళ్ళు 5 లక్షల 24 వేలయితే, వాళ్ళలో జాతి గడిలో కూడా చేత్తో సిక్కు అని రాసినవాళ్ళు 98 వేల లోపే. మిగతావాళ్ళు తాము జాతి కాదనుకున్నారా, లేక గడి కనపడక పక్కనున్న ఇండియన్ మీద టిక్కు పెట్టారా? ఆ అంకె చెప్పదు. గడి ముద్రించి ఉంటే ఒక జవాబు, రాసుకోవాల్సి వస్తే ఇంకో జవాబు. అంటే ఫారం మనుషుల్ని లెక్కపెట్టడమే కాదు, ఏం చెప్పాలో కొంత అదే నేర్పుతుంది.

నా మాటకి ఎదురయ్యే వాదన నాకు తెలుసు. సెన్సస్ పని లెక్కపెట్టడమే, ఎస్సీ జాబితా రాజ్యాంగం 341వ అధికరణం కింద వచ్చింది, దాన్ని ఎన్యూమరేటర్ మార్చలేడు అంటారు. నిజమే. నేను అడుగుతున్నది కూడా లెక్కపెట్టమనే. మతంతో ఎస్సీ హోదాకి ముడి తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. అదే విషయం చూడమని 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. మతం మారినవాళ్ళు ఎంతమంది, ఎలా బతుకుతున్నారు అని ఏ కమిషన్‌కైనా ముందు అంకెలు కావాలి. ఆ అంకెలు పుట్టకుండా చేసే ఫారాన్ని పెట్టుకుని, అంకెలు లేవు కాబట్టి నిర్ణయం తీసుకోలేమంటే ఎలా? ఎవరికి రిజర్వేషన్ ఇవ్వాలన్నది చట్టం తేల్చుకోనీ. ఎవరు ఎవరో చెప్పుకునే హక్కుని మాత్రం దానికి తాకట్టు పెట్టొద్దు.

ఇంకో వాదన కొంచెం బరువైనది. రెండు గడులూ విడదీస్తే ఉన్న ఎస్సీల వాటా పంచుకోవడానికి కొత్తవాళ్ళు వస్తారని దళిత మిత్రులే కొందరు భయపడతారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ మనుషులు ఇప్పటికే మన వీధిలోనే ఉన్నారు, హిందువు అని రాసుకుని అదే లైన్లో నిలబడ్డారు. నిజం చెబితే కొత్తగా ఎవరూ పుట్టుకురారు. ఇప్పుడు మాత్రం ఏం జరుగుతోంది? 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. కులం పేరుతో తిడతాడు, కులం పేరుతోనే కొడతాడు. కేసు పెట్టడానికి వెళ్తేనే మతం అడుగుతారు.

2027 మార్చి 1 తేదీకి లెక్క తేల్చేలా కొత్త జనాభా లెక్కలు వస్తున్నాయి. ఈసారి అందరి కులమూ అడుగుతామన్నారు. మంచిదే. అయితే కులం గడి ఎంత పెద్దదన్నది కాదు నా ప్రశ్న, దాని ముందు మతం గడి కాపలా కాస్తుందా లేదా అని. కొత్తరెడ్డిపాలెం మనిషి మతం యూదు, కులం మాదిగ అని చెబితే ఆ రెండు మాటలూ పక్కపక్కన అచ్చంగా అలాగే నమోదవ్వాలి. నేను వెళ్ళిన ఇంట్లో ఆవిడ తన దేవుడి పేరు చెప్పినంత మాత్రాన పిల్లాడి పుట్టుక చెరిగిపోకూడదు.

ఆ పిల్లాడికి అప్పుడు ఏడేళ్ళు. గుమ్మంలో నిలబడి నా పెన్ను వైపే చూస్తున్నాడు. నేను 1 వేయడం వాడు చూశాడు.