నాకు స్వంత కారణాలు లేవు

"స్వంత కారణాల వల్ల అని నాలుగు ముక్కలు రాసియ్యండి మేడం. రేపు సాయంత్రానికల్లా డీఈవో ఆఫీసులో పడేసొస్తా" అన్నాడు మా స్కూలు జూనియర్ అసిస్టెంటు.

2019 ఫిబ్రవరి అది. నా చేతిలో అయిదు పేజీల రాజీనామా కాయితం వుంది. డీఈవో గారికి రాశాను. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుని నియమించేది డీఈవో. నియమించినవాడే రాజీనామా ఆమోదించాలి. అంటే మా హెచ్చెమ్ కి పైఅధికారికే ఆ ఉత్తరం. కానీ కాయితం మీద 'టు' కింద 'త్రూ' అని ఇంకో మాట వుంటుంది చూడండి, ఆ మాట దగ్గర కూచునుంటాడు హెచ్చెమ్. ఎవడి వల్ల నేను పోతున్నానో వాడి చేతుల మీదుగానే నా పోకడ కబురు పైకి పోవాలి.

ఆ గుమస్తా చెడ్డవాడేం కాదు. కానీ వాడన్న మాట ఆలోచించండి. మా అమ్మకి ఆపరేషనైతే నేను పెట్టుకున్న సెలవు కాయితం ఇరవై మూడు రోజులు ఆ టేబులు మీదనే వుంది. నా ఇంక్రిమెంటు రెండు నెలలు ఆగింది. నా పదో తరగతి నాకియ్యండని రాసిన కాయితానికి ఇన్‌వార్డ్ నెంబరు కూడా పడలేదు. నా కాయితమంటే కదలని బండి, నేను పోతానంటే మాత్రం ఒక్క రాత్రిలో కదులుతుందంట! అదీ వాళ్ళు చెప్పిన మాటలు రాస్తేనే.

నేను మాదిగపల్లె పిల్లని. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ బడి గడప దాటలేదు. మా అమ్మ మిరపకాయలు కోసి, ఆ ఘాటుకి మండే చేతుల్ని రాత్రుళ్ళు మజ్జిగలో ముంచుకుని నన్ను బీయస్సీ, బీయీడీ చదివించింది. 2012 డీఎస్సీలో బయాలజీ టీచరునయ్యాను. ఆరేళ్ళు పదో తరగతికి చెప్పాను. 2018లో కొత్త హెచ్చెమ్ వచ్చాడు. స్టాఫ్ రూములో అందరికీ స్టీలు గ్లాసులు, నాకు కాయితం కప్పు. జూలైలో పదో తరగతి నా దగ్గర్నించి తీసి, మధ్యాహ్న భోజనం లెక్కలూ మరుగుదొడ్ల పర్యవేక్షణా నాకప్పగించాడు. నవంబరు 15న, బాలల దినోత్సవం తెల్లారి, ప్రార్థనలో పిల్లలందరి ముందు అన్నాడు: "మరుగుదొడ్లు ఎట్టా కడిగించాలో టీచర్ గారికి నేను చెప్పాల్నా? పుట్టుకతో వచ్చిన పనేగా!" కొందరు పిల్లలు నవ్వారు. మా పల్లె పిల్ల ఒకతి తొమ్మిదో తరగతి వరసలో నిలబడి తలొంచుకుంది. నాకు ఆ తల ఇప్పటికీ కళ్ళముందు వుంది.

అప్పుడు రాశాను అయిదు పేజీలు. ఆవేశమంతా పోశాను. గుమస్తా మాట వినలేదు. ఫిబ్రవరి 11న రిజిస్టర్ పోస్టులో నేరుగా డీఈవోకి పంపేశాను. పై అధికారి చదువుతాడు, అయ్యో అంటాడు, వీణ్ణి పిలిచి అడుగుతాడు అనుకున్నా. చదువుకున్న మనకి కూడా పైనుండే దొర మంచివాడనే నమ్మకం యెట్టా అబ్బిందో!

ఏమయింది? ఫిబ్రవరి 22న నా ఉత్తరం తిరిగి మా స్కూలుకే వచ్చింది, 'ప్రధానోపాధ్యాయుని రిమార్కుల కోసం' అని. ఎవరి మీద రాశానో వాడినే నీ అభిప్రాయం చెప్పమన్నారు. వాడు రాసిన రిమార్కు గుమస్తా నాకు చూపించాడు: ఈ టీచరు మానసిక ఆందోళనలో వున్నారు, కారణాలు వ్యక్తిగతం, రాజీనామా ఆమోదించవచ్చు. నా అయిదు పేజీలు వాడి మూడు ముక్కల్లో మునిగిపోయినయ్.

ఆ రాత్రి మా ఊళ్ళో రిటైరయిన ఎస్జీటీ ఒకాయన దగ్గరికి పోయాను. నేను బాబాయ్ అని పిలుస్తాను. ముప్పయ్యేళ్ళు మనవాళ్ళ కాయితాలు రాసిపెట్టిన మనిషి. అయిదు పేజీలూ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అమ్మాయ్, అయిదు పేజీల్లో ఒక్క తేదీ లేదు" అన్నాడు.

నిజమే. ఎంతోకాలంగా, అనేకసార్లు, భరించలేక, గుండె మండి. ఇవే వున్నాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట, ఎవరు విన్నారు, అవి లేవు.

"రెండోది. నువ్వు ఒకే కాయితంలో రెండు పనులు చెయ్యబోయావు. ఫిర్యాదయితే విచారణ చెయ్యాలి. రాజీనామా అయితే ఆమోదించాలి. రెండూ కలిపిస్తే వాళ్ళకేది సులువో అదే చేస్తారు. నువ్వు పోయాక విచారించేదేముంది? ఫిర్యాదు చేసిన మనిషే సర్వీసులో లేదాయె."

ఇంకో మాట చెప్పాడు, అది నన్ను నిద్రపోనియ్యలేదు. రాజీనామా ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం పోదు, ఆమోదించినప్పుడు పోతుంది. ఆ లోపల వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆమోదించినట్టు మనకి కాయితం అందేదాకా టైముందనుకుంటే మునిగినట్టే. రాజ్‌కుమార్ అనే ఐఏఎస్ అధికారి 1964లో రాజీనామా ఇచ్చి, ఆమోదం కబురు తనకి అందకముందే వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. అప్పటికే పైన ఆమోదించారు గనక చెల్లదని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఐఏఎస్. నేనెంత!

ఫిబ్రవరి 25 సోమవారం పొద్దున్నే డీఈవో ఆఫీసు తపాల్ సెక్షన్లో నిలబడి, రెండు లైన్ల ఉపసంహరణ ఉత్తరమిచ్చి, నా కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నా. నా రాజీనామా అప్పటికింకా హెచ్చెమ్ రిమార్కుతో దారిలోనే వుంది.

ఇది చెబితే మన ఉద్యమ మిత్రులు కొందరు ముఖం చిట్లించారు. "మొహాన కొట్టి రావాల్సింది, ఆత్మగౌరవం ముఖ్యం కదా" అన్నారు. అన్నలూ, మీకో మాట. మొహాన కొట్టిన కాయితాన్ని వాడు తీసి ఫైల్లో పెట్టుకుంటాడు, అంతే. పాత పెన్షన్ వాళ్ళకి 1980 పెన్షన్ రూల్స్ లో 26వ రూలుంది. రాజీనామా చేస్తే గడిచిన సర్వీసంతా పోయినట్టే. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన మా సీపీఎస్ వాళ్ళకి ఆ పెన్షన్ ఎట్టాగూ ముందే పోయింది. మళ్ళీ డీఎస్సీ రాసి గెలిచినా సీనియారిటీ సున్నా నించి మొదలు. నా ఆరేళ్ళు నావే కాదు, మా అమ్మ చేతులవి కూడా. ఆ చేతుల్ని వాడి టేబులు మీద పెట్టి రావడం ఆత్మగౌరవమెట్టా అవుతుంది?

రెండో వైపు వాళ్ళతోనూ నాకు తగువుంది. మా సంఘం పెద్దలు, 'మంచీ చెడూ రాయకమ్మా, స్వంత కారణాలని రాసి గౌరవంగా బయటపడు, రేపు ఇంకోచోట అడ్డమొస్తది' అన్నవాళ్ళు. గౌరవం ఎవరికి? వాడికి. నా సంతకంతో వాడికి నిర్దోషి సర్టిఫికెట్! రేపు నా తర్వాత ఆ కాయితం కప్పులో ఇంకో మాదిగ పిల్లో మాల పిల్లాడో టీ తాగుతారు. వాళ్ళు కంప్లైంటు పెడితే, ముందున్న టీచరు స్వంత కారణాల మీద వెళ్ళిందని నా సంతకాన్నే చూపిస్తాడు.

బాబాసాహెబ్ 1951 సెప్టెంబరు 27న నెహ్రూకి మంత్రిపదవి రాజీనామా ఇచ్చాడు. ఆయనకప్పుడు ఒంట్లో బాలేని మాట నిజం. కానీ అనారోగ్యం వల్ల రాజీనామా చేయలేదని ఆ అక్టోబరులో తన ప్రకటనలో స్పష్టంగా చెప్పుకున్నాడు. హిందూ కోడ్ బిల్లు గురించి, దళితుల్ని పట్టించుకోకపోవడం గురించి కారణాలన్నీ పేరుపేరునా చెప్పాడు. ప్రకటన కాపీ ముందుగా ఇమ్మని డిప్యూటీ స్పీకర్ అడిగితే ఒప్పుకోక సభలోంచి లేచిపోయి పత్రికలకిచ్చాడు. ముందు మాకు చూపించు, తర్వాత మాట్లాడు. మన 'త్రూ' కూడా అదే కదా! ఆయనకి పైఅధికారి ఎవరూ లేరు, సభ వుంది, పత్రికలున్నాయి. నాకున్నది తపాల్ సెక్షన్ ముద్ర.

నేను మళ్ళీ కూచుని రాశాను, ఈసారి ఫిర్యాదు ఒక్కటే. తేదీలు ఎక్కడ దొరుకుతాయని ఏడుస్తుంటే నా టీచింగ్ డైరీ కనబడింది. ప్రతివారం హెచ్చెమ్ సంతకం పెట్టాల్సిన డైరీ! 2018 జూలై 9 నించి అందులో పదో తరగతి లేదు, కింద వాడి సంతకమే వుంది. నా సెలవు కాయితం నకలు మీద నేనిచ్చిన తేదీ, మంజూరు మీద వాడి తేదీ. ఇరవై మూడు రోజులు లెక్కకొచ్చాయి. నవంబరు 15 ప్రార్థన మాట వాడన్నది వాడన్నట్టుగా, ఎక్కడ నిలబడి అన్నాడో, విన్న ఇద్దరు టీచర్లెవరో రాశాను. 'గుండె మండి' తీసేశాను. అయిదు పేజీలు పేజీన్నరయింది. హెచ్చెమ్ ద్వారా ఒక ప్రతి, అడ్వాన్స్ కాపీ నేరుగా డీఈవోకి. చివర ఒక్క వాక్యం పెట్టాను: ఈ ఫిర్యాదు ఆయన మీదే గనక విచారణ ఆయన ద్వారా కాకుండా వేరే అధికారితో చేయించమని. మార్చి 6న ఇచ్చాను.

పోలీసు కేసు ఎందుకు పెట్టలేదని మీరడుగుతారు. వాడి గదిలో ఇద్దరమే వున్నప్పుడు అన్న మాటలు అట్రాసిటీ చట్టం కింద నిలబడవు, పదిమంది చూసేచోట అనుండాలి. ప్రార్థన మైదానం అట్టాంటి చోటే. 2015 సవరణ తర్వాత 3(1)(ఆర్) కిందికి వస్తుందని బాబాయ్ చెప్పాడు. కానీ భయపడి సాక్ష్యానికి రాని టీచర్లు పోగా మిగిలేది పిల్లలు, అందులో పదో తరగతి పరీక్షలు ముందున్నవాళ్ళు. నేను పెట్టలేదు. అది మంచి పనా పిరికిపనా, నాకింకా తెగలేదు.

ఎన్నికలయ్యాక, బడులు మూసేముందు డిప్యూటీ ఈవో విచారణకొచ్చాడు. నేను చెప్పిన ఇద్దరిలో ఒకరు 'నేను వినలేదు' అన్నారు. రెండో ఆమె, కాపుల ఇంటి లెక్కల టీచరు, విన్నానని రాసి సంతకం పెట్టింది. డైరీ చూసి డిప్యూటీ ఈవో వాణ్ణి ఒక్క ప్రశ్న అడిగాడు, 'పదో తరగతి ఎందుకు మార్చారు?' జవాబు లేదు. మందలింపు మెమో ఒకటి ఇచ్చారు. జూన్లో పదో తరగతి నాకొచ్చింది. అంతే, ఆకాశం ఊడిపడలేదు. ఆయన 2020 చివర బదిలీల్లో వేరే ఊరు పోయాడు, దండలేసి మరీ పంపారు. దండ వెయ్యమని నన్నూ పిలిచారు. నాకు క్లాసుంది అన్నాను. నిజంగానే వుంది, జీర్ణవ్యవస్థ పాఠం.

మొన్న మా పల్లె పిల్లాడొకడు వచ్చాడు. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్ పెట్టే బాధ పడలేక పెద్ద మేనేజరుకి రాజీనామా రాసుకొచ్చాడు, ఇంగ్లీషు చూడమని. అక్కడ సర్వీసూ సీనియారిటీ లేవు, వేరే ఉద్యోగం చేతికొచ్చింది, వాడు పోవాల్సిందే. మొదటి లైన్లోనే వుంది, స్వంత కారణాల వల్ల అని. ఎందుకురా అన్నా. "అట్టానే రాస్తారంట గదక్కా" అన్నాడు. పెన్ను తీసి ఆ మాట కొట్టేశాను. 'ఫలానా తేదీన తమకిచ్చిన ఫిర్యాదులోని కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను' అని పైన రాశాను.

"ఫిర్యాదు ఇయ్యలేదక్కా."

"అయితే ముందు అది రాద్దాం, కూచో. ఆడు మొదట నిన్ను ఏమన్నాడు, ఏ రోజు?"