కన్నీళ్లకు లెక్క చెప్పండి

నవల చదివి ‘గుండె పిండేసింది’ అని రాసేవాళ్లు ఎక్కువైపోయారు. ఎవరి గుండె? ఏ పేజీ దగ్గర? పిండితే కారిందేంది, జాలా, సిగ్గా, కోపమా? అది మాత్రం చెప్పరు. ఉల్లిగడ్డ కోసినా కళ్లెంబడి నీళ్లొస్తాయి. అంతమాత్రాన ఉల్లిగడ్డ గొప్ప నవలైపోదు గదా.

మన బతుకుల మీద రాసిన నవలల దగ్గరే ఈ ఏడుపు మరీ ఎక్కువ. చదివినాయన ఏడుస్తాడు, ఏడ్చిన సంగతి రాసుకుంటాడు, తను మంచివాణ్ణని తేల్చుకుని పడుకుంటాడు. తెల్లారితే ఊరి బావి ఊరి బావే, వాడ వాడే. కన్నీటి వల్ల ఎవరి మనసు తేలికైందో, అంతా అయ్యాక ఆ కన్నీళ్లు ఎవరి లెక్కలో జమ అయ్యాయో ముందు అడగాలి.

ఊరికే అనడం కాదు, ఒక నవల పట్టుకుని చూద్దాం. ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లీషులో రాసిన ‘అన్‌టచబుల్’ 1935లో లండన్‌లో అచ్చయింది. బుళాషా అనే ఊళ్లో పాకీపని చేసే బఖా అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఒక్కరోజు కథ అది. పొద్దున మొదలై చీకటి పడేసరికి అయిపోతుంది. రాసినాయన మనవాడు కాదు. అయినా అందులో నిఖార్సైన చోట్లున్నాయి, నకిలీ చోట్లూ ఉన్నాయి. రెంటినీ ఒకే తక్కెట్లో వేసి ‘హృదయవిదారకం’ అనడమే అబద్ధం.

నిఖార్సైనది ముందు చూద్దాం. బఖా బజారుకొచ్చి నాలుగణాల జిలేబీలు కొంటాడు. మిఠాయి కొట్టువాడు తూకంలో మోసం చేస్తాడు, పొట్లం విసిరేస్తాడు. వీడిచ్చిన డబ్బుల మీద నీళ్లు చల్లిగానీ తీసుకోరు. అయినా బఖాకు సంబరమే, జిలేబీ నోట్లో పెట్టుకున్నాడు గదా! ఆ తీపిలో పడి, తను వస్తున్నట్టు కేకేసుకుంటూ నడవాలన్న సంగతి మరిచిపోయాడు. ఎదురొచ్చిన పెద్దమనిషికి తగిలాడు. జనం మూగారు, ఎవడి నోటికొచ్చిన తిట్టు వాడు తిట్టాడు. చివరికి చెంపదెబ్బ. తలపాగా కింద పడింది, జిలేబీలు మట్టిపాలయ్యాయి.

ఇక్కడ చదివేవాడికి పుట్టే బాధ కష్టార్జితం. ఎందుకంటే దెబ్బ పడేముందే రచయిత మనకు కోరికను చూపించాడు. బఖా అంటే దెబ్బలు తినడానికి పుట్టిన బొమ్మ కాదు. తెల్లసోల్జర్లు వదిలేసిన బట్టలు వేసుకుని మురిసేవాడు, వాళ్లలాగ ఉండాలని బొంత మానేసి పల్చటి కంబళి కప్పుకుని రాత్రంతా చలికి వణికేవాడు. కొంచెం నవ్వొచ్చేవాడు, కొంచెం సోకులరాయుడు, నిండుగా మనిషి. ఆ మనిషి తన డబ్బుతో కొనుక్కున్న తీపిని మట్టిలో చూశాం. ‘అయ్యో పాపం’ అని రచయిత మనకు చెప్పాల్సిన పనే లేకుండా పోయింది. ఏడవమని ఎవరూ అడక్కుండా వచ్చిన ఏడుపు అది. నిజానికి అక్కడ ఏడుపుకంటే ముందు పళ్లు పటపటమంటాయి.

ఇంకోచోటు. పిల్లలు హాకీ ఆడుతుంటే గొడవై రాళ్లు రువ్వుకుంటారు. బాబుగారి చిన్నకొడుక్కి రాయి తగిలి నెత్తురు కారుతుంది. బఖా వాణ్ణెత్తుకుని ఇంటికి తీసుకుపోతాడు. తల్లి ఏం చేసింది? ఇల్లు మైలపరిచావని వీడినే తిట్టింది. ఇలాంటిది ఆనంద్ చిన్నతనంలో నిజంగా జరిగింది. దెబ్బ తగిలిన పిల్లాడు ఆనందే, మోసుకొచ్చింది పాకీవాళ్ల కుర్రాడే, తిట్టింది తన తల్లే. తన ఇంటి సిగ్గును తను దాచుకోలేదు. ఆ తల్లిని రాక్షసిని చెయ్యలేదు, బిడ్డ నెత్తురు చూసి బెదిరిన మామూలు తల్లిలాగే చూపించాడు. అందుకే ఆ చోట పైకులం చదువరికి ‘ఎవరో దుర్మార్గులు, నేను కాదు’ అని తప్పుకునే దారి లేదు. వాడికి అక్కడ రావాల్సింది జాలి కాదు, సిగ్గు. జాలి కలిగిందని రాశాడంటే చదవకుండా దాటేశాడనే అర్థం.

ఇప్పుడు నకిలీ సంగతి. నవల మొదట్లోనే బఖా దొడ్లు కడిగే తీరు వర్ణిస్తూ, వీడు మిగతా పాకీవాళ్లలా లేడు, శుభ్రంగా, తెలివిగా ఉన్నాడు, ఈ పని చెయ్యాల్సినవాడు కాడు అని చూసేవాళ్లకు తోచేట్టు రాస్తాడు. ఆగి అడగండి. మరి ఆ పని చెయ్యాల్సినవాడెవడు? అందంగా లేనివాడా, మురికిగా ఉన్నవాడా? ఒక్కణ్ణి ఎత్తి చూపి వాడి మీద ప్రేమ పుట్టించడమంటే మిగిలిన వాడనంతా తొక్కి ఆ ప్రేమను కొనుక్కోవడమే. చదివేవాడికి ఇది హాయిగా ఉంటుంది. ‘ముత్యంలాంటి పిల్లాడు బురదలో పడ్డాడే’ అని కుములుతాడు, బురద ఎవడు పోశాడని అడగడు. ఇది పని చెయ్యకుండా కొట్టేసిన కూలిలాంటి కన్నీరు.

ఆఖరి పేజీల్లోనూ అదే తేడా. పొద్దుగూకే వేళకు బఖాకు మూడు దారులు వినిపిస్తాయి. ఒక పాదిరి క్రీస్తు గురించి చెబుతాడు, గాంధీ సభలో మాట్లాడతాడు, ఒక కవి ఫ్లష్ దొడ్డి వస్తే పాకీపనే పోతుందంటాడు. పొద్దుటినుంచి బఖా ఒంటిమీద పడిన దెబ్బల లెక్కలో నడిచిన కథ ఇక్కడ ఉపన్యాసాల్లోకి జారిపోతుంది. చివరికి వాడు ఇంటిదారి పడితే చదివేవాడి గుండె కుదుటపడుతుంది. ఆ కుదుటపాటు కథలోంచి రాలేదు. చెంపమీది దెబ్బకు జవాబు ఇంకా బాకీ ఉంది. ఫ్లష్ దొడ్లు వచ్చాయి, పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలూ వచ్చాయి. అయినా మన మనుషులు సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చస్తూనే ఉన్నారు. నవల ఇచ్చిన ఊరట ఎంత అరువుదో దీన్నిబట్టే తెలుస్తోంది.

‘పైకులం వాడు రాశాడు, అవతల పారేద్దాం’ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లదీ తూకం లేని మాటే. అలా పారేస్తే జిలేబీ పొట్లం కూడా పోతుంది. మనవాడు రాసింది గనక ప్రతి పేజీకీ ఏడ్చామని చెప్పడమూ అంతే తప్పు. రచయిత కులం అడగాల్సిందే, కానీ ఆ అడగడం పేజీ చదివే పనికి బదులు కాదు.

వాడలో పదిమంది కూర్చుని నవల చదివించే కార్యకర్తలకు ఒక మాట. ‘ఎలా ఉంది?’ అని అడక్కండి, ‘బాగా ఏడిపించింది’ అనే వస్తుంది. ఏ చోట గొంతు పట్టుకుందో అడగండి. ఆ చోటికి ముందు ఏం జరిగిందో చెప్పించండి. అక్కడున్న దీనమైన మాటలన్నీ తీసేసి జరిగింది మాత్రం చెప్పినా గొంతు పట్టుకుంటే అది సొంతం. మాటలు తీసేయగానే ఆరిపోతే అది రచయిత పోసిన కిరసనాయిలు. జిలేబీల కథ నిరక్షరాస్యురాలైన ముసలమ్మకు రెండు ముక్కల్లో చెప్పి చూడండి, పని చేస్తుంది. ‘ముత్యంలాంటి పిల్లాడు’ సంగతి చెప్పండి, ‘అయితే నా కొడుకు మాత్రం ముత్యం కాడా?’ అని ఎదురడుగుతుంది. ఆమె అడిగినదానికి మించిన విమర్శ ఏ సాహిత్య సభలోనూ దొరకదు.

కాబట్టి సమీక్షలు రాసే అయ్యలారా, మీరు ఏడ్చారని మాకు చెప్పొద్దు. ఎక్కడ, ఎవరికోసం, దేనికి ఏడ్చారో చెప్పండి. ఎక్కడ కళ్లు తుడుచుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నారో అది కూడా చెప్పండి. మాకు అసలు కావాల్సిన లెక్క అదే.